బండిల్ మీద 4, లోపల 2.5: ఒక బోరు కేబుల్ వారంటీ క్లెయిమ్ కథ

హనుమకొండలో మోటార్లు, కేబుళ్ల టెస్టింగ్ చేస్తుంటాను. షాపుల వాళ్లకు సప్లయర్‌తో పేచీ వస్తే, కొలతలు తీశాక లెటర్ కూడా చాలాసార్లు నేనే రాసిపెడతాను. ఇది పరకాల వైపు ఒక ఎలక్ట్రికల్ షాపు కేసు. పార్టీల పేర్లు, బిల్లు నంబర్లు తీసేశాను. కొలతలు, లెక్కలు, లెటర్‌లోని ముఖ్యమైన భాగాలు అలాగే ఉంచాను.

ఆ షాపు ఓనర్ హైదరాబాద్ శివారులోని ఒక చిన్న ఫ్యాక్టరీ నుంచి బోరు మోటార్లకు వాడే 3 కోర్ ఫ్లాట్ కేబుల్ కొన్నారు. 4 స్క్వేర్ ఎంఎం రాగి, 100 మీటర్ల బండిల్స్ 40. బండిల్ 16,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ అదనం, మొత్తం బిల్లు 7,55,200. అందులో 3,50,000 ముందే కట్టారు. నెల రోజుల్లో 18 బండిల్స్ అమ్ముడుపోయి బోర్లలోకి దిగాయి. గోడౌన్‌లో 22 మిగిలాయి.

అనుమానం మొదట వచ్చింది షాపు మెకానిక్‌కు. మోటారు తోకకు, కేబుల్‌కు జాయింట్ వేసేటప్పుడు 4 స్క్వేర్ ఎంఎం ఫెర్రూల్ అనే చిన్న లోహపు గొట్టంలో తీగ పెట్టి క్రింప్ చేస్తే గట్టిగా పట్టుకోవాలి. ఈ కేబుల్‌కు పట్టు రావడం లేదు. గుంజితే జారి వస్తోంది. తీగను మడిచి రెండు పొరలు చేసి పెట్టాల్సి వచ్చింది. బండిల్ భుజాన వేసుకున్నా మామూలు కంటే తేలిగ్గా ఉందని కూడా అతనే చెప్పాడు. అదే సమయంలో ఈ కేబుల్ దించిన బోర్లలో మూడు మోటార్లు కాలిపోయాయి. దాంతో ఓనర్‌కు టెన్షన్ పట్టుకుంది. "కేబుల్ వల్లనే మోటార్లు కాలినయ్ సార్, మోటార్ల పైసలు కూడ వాళ్లతోనే కట్టించాలె" అంటూ వచ్చారు.

అప్పటికే సప్లయర్‌కు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి ఉన్నారు: "మీ కేబుల్ డూప్లికేట్, మూడు మోటార్లు కాలిపోయాయి, మొత్తం వాపస్ తీసుకోండి, లేకపోతే కేసు వేస్తాం." వచ్చిన జవాబు కూడా ఊహించిందే: "ఊళ్లలో వోల్టేజ్ సమస్య, దానికి మా బాధ్యత లేదు." వోల్టేజ్ అనే మాట సప్లయర్లకు ఎప్పుడూ చేతికందే కవచం. మోటారు కాలిందని మనం మొదలుపెడితే, కాలడానికి ఉన్న పది కారణాల్లో తనకు పనికొచ్చేదాన్ని అతను ఎంచుకుంటాడు. కేబుల్ గురించి మాట్లాడాల్సిన అవసరమే అతనికి రాదు.

అందుకే ముందు కేబుల్‌ను కొలిచాం.

ఇక్కడ చాలామంది స్క్రూగేజ్ తీసి ఒక్కో పోగు మందం చూసి, పోగుల సంఖ్యతో గుణించి "4 లేదు, 3 ఉంది" అని రాసేస్తారు. ఈ కేబుల్‌లోనూ అదే కనిపించింది. మామూలుగా ఈ సైజులో 0.3 ఎంఎం పోగులు 56 ఉంటాయి. ఇందులో పోగులు 56 ఉన్నాయి గానీ మందం సుమారు 0.26. లెక్కేస్తే 3 స్క్వేర్ ఎంఎం కూడా నిండలేదు. కానీ ఆ లెక్క మీద క్లెయిమ్ నిలబెట్టకూడదు. కేబుల్ సైజును ఐఎస్ ప్రమాణం తూకంతోనో పోగు మందంతోనో తేల్చదు, రెసిస్టెన్స్‌తో తేలుస్తుంది. కండక్టర్ల ప్రమాణమైన ఐఎస్ 8130 ప్రకారం 4 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి తీగ రెసిస్టెన్స్ 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 4.95 ఓమ్స్ మించకూడదు. 2.5 సైజుకు ఆ హద్దు 7.98. నిజాయితీగా చేసిన 4 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో కూడా కొలిస్తే రాగి నాలుగు కంటే కాస్త తక్కువే రావచ్చు, అయినా రెసిస్టెన్స్ హద్దులో ఉంటే అది సరైన సరుకే. స్క్రూగేజ్ లెక్కతో వెళ్తే సప్లయర్ ఈ ఒక్క మాటతో మన లెటర్‌ను పక్కన పడేస్తాడు.

రెసిస్టెన్స్ తీయడంలోనూ ఒక చిక్కు ఉంది. 100 మీటర్ల ఒక కోర్‌కు రావాల్సింది అర ఓమ్ కూడా కాదు. మామూలు మల్టీమీటర్ ప్రోబ్ తీగలకే అందులో సగం దాకా పోవచ్చు. ఆ రీడింగ్‌కు విలువ లేదు. నాలుగు తీగలతో కొలిచే మైక్రో ఓమ్ మీటర్ కావాలి. ముందు బండిల్ పూర్తిగా విప్పి టేపుతో పొడవు చూడాలి. పొడవు తగ్గితే రెసిస్టెన్స్ కూడా తగ్గి లోపం దాక్కుంటుంది. ఎండలో ఉన్న బండిల్‌ను అప్పటికప్పుడు కొలవకూడదు. నీడలో కొన్ని గంటలు ఉంచి, గది వేడి, తీగ వేడి ఒకటయ్యాక తీయాలి. రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాయాలి.

మిగిలిన 22 బండిల్స్‌లో ఐదింటిని విప్పాం. మిగతా 17కు ఫ్యాక్టరీ సీలు అలాగే ఉంచాం. సీలున్న సరుకు చేతిలో ఉండటం ఈ కేసులో చాలా పెద్ద బలం, ఆ సంగతి ముందుకెళ్తే తెలుస్తుంది. విప్పేటప్పుడు సప్లయర్ ఏరియా సేల్స్‌మన్‌ను పిలిచాం. అతను వచ్చి, చూసి, రీడింగ్‌ల కాగితం మీద "నా సమక్షంలో కొలిచారు" అని మాత్రం రాసి సంతకం పెట్టాడు. లోపం ఉందని ఒప్పుకుంటూ రాయమని అతన్ని అడగలేదు. అంత అధికారం అతనికి ఉండదు, బలవంతం చేస్తే ఉన్న సంతకం కూడా పోతుంది.

పొడవు అన్నింటికీ సరిగ్గానే ఉంది. ఐదు బండిల్స్‌లోనూ రీడింగ్‌లు దగ్గరదగ్గరగా వచ్చాయి. ఒక కోర్ 100 మీటర్లకు 32 డిగ్రీల దగ్గర 0.648 ఓమ్స్. వేడికి రాగి రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి దాన్ని 20 డిగ్రీలకు మార్చాలి:

```
R20 = Rt / (1 + 0.00393 × (t − 20))
    = 0.648 / 1.0472
    = 0.619
```

అంటే కిలోమీటరుకు 6.19 ఓమ్స్. హద్దు 4.95. పాతిక శాతం ఎక్కువ. 4 స్క్వేర్ ఎంఎం పరీక్షలో ఫెయిలై, 2.5 పరీక్షలో పాసవుతుంది. ప్రమాణం దృష్టిలో ఇది 2.5 కేబుల్. కేసు మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నడిచింది.

విప్పిన బండిల్స్‌లో ఒకదాని నుంచి ముక్కలు కోసి, బ్యాచ్ నంబరు, ప్రింట్ అయిన మీటరు గుర్తులు కనిపించేలా ఫొటోలు తీసి, కవర్లో పెట్టి సీలు వేశాం. సేల్స్‌మన్, ఓనర్ ఇద్దరూ సీలు మీద సంతకం చేశారు. ఒక కవరు హైదరాబాద్‌లోని ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పోయింది, రెండోది షాపులోనే ఉంచాం. ల్యాబ్ రిపోర్టు మా కొలతకు దగ్గరగానే వచ్చింది. మా కొలత మీద నాకు అనుమానం లేకపోయినా, మూడో మనిషి కొలత లేని లెటర్‌ను ఫ్యాక్టరీ వాళ్లు కొనుగోలుదారు మాటగానే చూస్తారు.

ఇక మోటార్ల సంగతి. ఓనర్ పట్టు అంతా దాని మీదే. లెక్క వేసి చూపించాను. 5 హెచ్‌పీ మోటారు లోడ్ మీద సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 100 మీటర్ల కేబుల్‌లో, సరైన 4 స్క్వేర్ ఎంఎంకు, ఈ కేబుల్‌కు మధ్య వోల్టేజ్ తేడా రెండు వోల్టులు. 415 వోల్టుల సప్లైలో రెండు వోల్టులు తగ్గితే మోటారు కాలదు. లైన్‌లోనే రోజంతా అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ తేడా వస్తూ పోతూ ఉంటుంది. ఒక ఫేజ్ పోవడం, బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తగా తిరగడం, స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలేను ఎక్కువకు పెట్టడం లేదా తీసేయడం మోటార్లు కాలడానికి అసలు కారణాలు. కాలిన మూడింటిలో ఒకదాని స్టార్టర్ చూస్తే రిలేకు బైపాస్ వేసి ఉంది. పట్టు దొరకని జాయింట్ వేడెక్కి ఒక ఫేజ్ తెగిందని వాదించే వీలుంది గానీ, మోటార్లు పైకి తీసినప్పుడు జాయింట్లను ఎవరూ భద్రపరచలేదు. సాక్ష్యం లేని చోట వాదన ఉండకూడదు.

ఓనర్‌కు ఇది నచ్చలేదు. "మూడు మోటార్ల రివైండింగ్ నా మీద పడ్డది సార్" అన్నారు. ఆ బాధ నాకు అర్థమైంది. కానీ లెటర్‌లో మోటార్లు ఉంటే జవాబు మోటార్ల గురించే వస్తుంది, 6.19 అనే అంకె మూలన పడుతుంది. మోటార్ల మాట ఒక్క లైన్ కూడా రాయనని చెప్పాను. చివరికి ఒప్పుకున్నారు.

చట్టం వైపు రెండు విషయాలు చూసుకోవాల్సి వచ్చింది. మళ్లీ అమ్మడానికి కొన్న సరుకు కాబట్టి షాపు ఓనర్ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరు. 2019 చట్టం వ్యాపారం కోసం కొన్నవాళ్లను వినియోగదారులుగా చూడదు. ఆయనకు దారి 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం. వివరణ చెప్పి అమ్మిన సరుకు ఆ వివరణకు సరిపోవాలని 15వ సెక్షన్ అంటుంది. సరుకు అంగీకరించి అమ్ముకున్నాక, ఆ భాగాన్ని తిప్పి పంపలేం గానీ, 59వ సెక్షన్ కింద ధరలో తగ్గింపు అడగవచ్చు. అందుకే అడిగేది రెండు ముక్కలైంది. గోడౌన్‌లో ఉన్న 22కు బదులు సరుకు, అమ్ముడైన 18కి ధర తేడా.

రెండోది ఓనర్‌కు తెలియని ప్రమాదం. బాకీ 4,05,200 ఆపేసి కూర్చుంటే సప్లయర్ దారికి వస్తాడని ఆయన నమ్మకం. కానీ ఆ ఫ్యాక్టరీకి చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. రాసుకున్న గడువు, ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. మన ఓనర్ మెసేజ్ పెట్టింది నెల దాటాక. అంటే ఊరికే డబ్బు ఆపితే, లోపం ఉన్న సరుకు పంపినవాడే ముందుగా ఆ చట్టం కింద బకాయిల పేచీలు చూసే కౌన్సిల్‌కు వెళ్లే అవకాశం ఉంది. అందుకే ఎంత ఆపుతున్నాం, ఎందుకు ఆపుతున్నాం, ఎప్పుడు ఇస్తాం అన్నది లెటర్‌లోనే కచ్చితంగా రాయాలని నిర్ణయించాం.

లెటర్ తెలుగులోనే రాశాం. ఫ్యాక్టరీ ఓనర్ తెలుగువారు, లెటర్ చేరాల్సింది ఆయనకే. ముఖ్యభాగం ఇది:

"అయ్యా, పై ఇన్వాయిస్ ద్వారా మీ దగ్గర 40 బండిల్స్ 4 స్క్వేర్ ఎంఎం 3 కోర్ ఫ్లాట్ కేబుల్ కొన్నాము. ఇన్వాయిస్‌లోను, బండిల్ లేబుల్‌పైన, కేబుల్‌పైన సైజు 4 స్క్వేర్ ఎంఎం అని, ప్రమాణం ఐఎస్ 694 అని ఉంది. మీ వారంటీ కార్డు ప్రకారం తయారీ లోపాలకు 12 నెలల గ్యారంటీ ఉంది.

మీ ఏరియా సేల్స్‌మన్ సమక్షంలో ఐదు బండిల్స్ కొలవగా, 20 డిగ్రీల దగ్గర కండక్టర్ రెసిస్టెన్స్ సగటున కిలోమీటరుకు 6.19 ఓమ్స్ వచ్చింది. ఐఎస్ 8130 ప్రకారం 4 స్క్వేర్ ఎంఎంకు హద్దు 4.95. ఎన్‌ఏబీఎల్ ల్యాబ్ రిపోర్టు కూడా ఇదే చెబుతోంది. ఈ కేబుల్ 4 స్క్వేర్ ఎంఎం హద్దులో లేదు, 2.5 స్క్వేర్ ఎంఎం హద్దులో ఉంది.

మేము కోరేది: మిగిలిన 22 బండిల్స్‌కు బదులుగా, కండక్టర్ టెస్ట్ సర్టిఫికెట్‌తో 22 బండిల్స్ పంపాలి. అమ్మిన 18 బండిల్స్‌కు మీ ధరల పట్టికలోని 4, 2.5 సైజుల తేడా బండిల్‌కు 5,200 చొప్పున 93,600, దానిపై జీఎస్టీ 16,848, మొత్తం 1,10,448 రూపాయలకు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. బదులు సరుకు, క్రెడిట్ నోట్ అందిన 7 రోజుల్లో మిగిలిన 2,94,752 రూపాయలు చెల్లిస్తాము. ఈ లోపం కారణంగానే ఆ మొత్తం ఆపాము, వేరే కారణం లేదు.

బదులు సరుకు పంపడం వీలుకాకపోతే ఆ 22 బండిల్స్ వాపసు తీసుకొని, వాటి బిల్లు 4,15,360కి కూడా క్రెడిట్ నోట్ ఇచ్చి, మేము ఎక్కువగా కట్టిన 1,20,608 తిరిగి ఇవ్వాలి.

17 బండిల్స్ మీ ఫ్యాక్టరీ సీలుతో మా దగ్గర ఉన్నాయి. మీ మనిషిని పంపితే మీరు ఎంచుకున్న బండిల్స్‌ను మీ ముందే విప్పి కొలుస్తాము. ఈ లెటర్ అందిన 15 రోజుల్లో జవాబు కోరుతున్నాము."

ఆ 5,200 అంకె గురించి ఒక మాట. నష్టం ఎంత అని అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు, బేరం అక్కడే మొదలవుతుంది. సప్లయర్ సొంత ధరల పట్టికలో 4 సైజు 16,000, 2.5 సైజు 10,800. సరుకు 2.5 అని ల్యాబ్ చెబుతోంది కాబట్టి ధర కూడా 2.5ది. ఆ అంకె మనది కాదు, అతని పట్టికదే.

వారంటీ లోపానికి సంబంధించిన మాటలే లెటర్‌లో ఉంచాం. ఐఎస్ఐ మార్కు మీద లైసెన్స్ నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో చూడొచ్చు, ఫిర్యాదు కూడా చేయొచ్చు. చూశాం, లైసెన్స్ నిజమైనదే. ఆ బెదిరింపు మొదటి లెటర్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు. లైసెన్స్ పోతుందన్న భయం పట్టుకుంటే ఫ్యాక్టరీ ఓనర్ లోపాన్ని ఒప్పుకోవడం మానేసి లాయర్ దగ్గరికి పోతాడు.

లెటర్‌ను స్పీడ్ పోస్ట్‌లోను, ఇన్వాయిస్ మీద ఉన్న ఈమెయిల్‌కు పంపాం. జతగా ఇన్వాయిస్, వారంటీ కార్డు, సంతకం ఉన్న రీడింగ్‌ల కాగితం, ల్యాబ్ రిపోర్టు, ధరల పట్టిక పేజీ, ఫొటోలు. ఓనర్‌ను ఫోన్ మార్చవద్దని, పాత వాట్సాప్ మెసేజ్‌లు తీసేయవద్దని చెప్పాను. కోర్టు దాకా పోతే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో అవి దాఖలు చేయాల్సి వస్తుంది, తనకు చేదైన మొదటి మెసేజ్‌తో సహా.

జవాబు గడువులోపే వచ్చింది. వోల్టేజ్ మాట అందులో లేదు. మూడు అభ్యంతరాలున్నాయి. ఎండాకాలం వేడిలో కొలిచారని ఒకటి. 20 డిగ్రీలకు మార్చిన లెక్క జతలోనే ఉంది కాబట్టి అది నిలవలేదు. ముక్కలు తమ కేబుల్‌వి కాకపోవచ్చని రెండోది. దానికి సీలున్న 17 బండిల్స్ జవాబు. వాళ్ల క్వాలిటీ మనిషి వచ్చి, తనే రెండు బండిల్స్ ఎంచుకుని, తను తెచ్చిన మీటరుతో కొలిచాడు. అంకెలు మారలేదు. మూడోది, ఆలస్యంగా చెప్పారని. రెసిస్టెన్స్ లోపం సరుకు దింపేటప్పుడు కంటికి కనిపించేది కాదని, తెలిసిన వెంటనే చెప్పామని రాశాం. ఆ వాదనలో మాకు కొంత బలహీనత ఉంది. 15 రోజుల గడువు దాటిందన్నది నిజమే.

ఆ బలహీనత ధర దగ్గర కనిపించింది. 22 బండిల్స్ మార్చడానికి వెంటనే ఒప్పుకున్నారు. 18 బండిల్స్ తేడాకు బండిల్‌కు 3,000 అన్నారు. చివరకు 4,500 దగ్గర కుదిరింది. జీఎస్టీతో కలిపి 95,580కి క్రెడిట్ నోట్ వచ్చింది. ల్యాబ్ ఫీజు షాపు ఓనరే భరించారు. కౌన్సిల్, కోర్టు అంటూ తిరిగితే సీజన్ పోయేది, సరైన పరిష్కారమే అనుకుంటున్నాను.

పాత బండిల్స్ పంపేటప్పుడు ఈ-వే బిల్లు తీసి, చలానా మీద బ్యాచ్ నంబర్లు రాశాం. క్రెడిట్ నోట్‌లో అసలు ఇన్వాయిస్ నంబరు ఉండేలా చూసుకున్నాం. లేకపోతే షాపు అకౌంటెంట్ జీఎస్టీ ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ సర్దుబాటు దగ్గర తల పట్టుకోవాలి.

అన్నిటికంటే నేను పట్టుబట్టింది బోర్లలో ఉన్న 18 బండిల్స్ గురించి. అవి కొన్న రైతులు 4 ధర కట్టారు. తన పొలం బతుకుదెరువు కోసం సాగు చేసుకునే రైతు వినియోగదారే, అతను కమిషన్‌కు వెళ్లగలడు, షాపు మీదనే వెళ్తాడు. అది పక్కన పెట్టినా, ఆ క్రెడిట్ నోట్ డబ్బు న్యాయంగా వాళ్లది. మొదట్లో ఓనర్ తటపటాయించారు. తర్వాత రైతులకు ఫోన్లు చేసి, బండిల్‌కు 4,500తో పాటు దాని జీఎస్టీ కూడా వెనక్కి ఇచ్చారు. కొందరు డబ్బుకు బదులు స్టార్టర్‌లో కొత్త ఓవర్‌లోడ్ రిలే వేయించుకున్నారు. ప్రతి రైతు దగ్గర సంతకంతో రసీదు తీసుకున్నాం. ఈ కేబుల్ మీద మోటారు నడుపుకోవడానికి భయం లేదని, లోడ్ కరెంటు పెంచకుండా అదే హెచ్‌పీ మోటారు వాడాలని వాళ్లకు చెప్పాం.

బదులు సరుకు లారీలో వచ్చినరోజు దింపకముందే నాలుగు బండిల్స్ తీయించి నీడలో పెట్టి కొలిచాం. 31 డిగ్రీల దగ్గర 0.510 ఓమ్స్, 20 డిగ్రీలకు మారిస్తే కిలోమీటరుకు 4.89. హద్దులో ఉంది. మిగతా సరుకు దింపించి, అంకెను చలానా రెండు కాపీల మీదా రాసి డ్రైవర్ సంతకం తీసుకున్నాం. ఆ వారంలోనే ఓనర్ 3,09,620 రూపాయలు బ్యాంకులో వేసి ఖాతా ముగించారు.